ఏడబ్ల్యూఎస్ ఫ్రీలాన్సర్‌కి ఏ సర్టిఫికేషన్ మేలు, ప్రపోజల్‌లో దాన్ని ఎక్కడ పెట్టాలి?

అప్‌వర్క్‌లో క్లౌడ్ పనులకు ప్రపోజల్ పంపేవాళ్ల మధ్య తరచూ నలిగే ప్రశ్న ఇది: క్లౌడ్ ప్రాక్టీషనర్‌తో మొదలుపెట్టాలా, నేరుగా సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్ అసోసియేట్ రాయాలా, లేక డబ్బు ఎక్కువైనా కుబర్నెటీస్ వైపు సీకేఏ, అంటే సర్టిఫైడ్ కుబర్నెటీస్ అడ్మినిస్ట్రేటర్ చేయాలా? మూడింటికీ విలువ ఉంది, కానీ ఆ విలువ ఒకే క్లయింట్ దగ్గర ఉండదు. కాబట్టి ముందు పని ఇచ్చేది ఎవరో చూడాలి.

పని ఇచ్చేవాళ్లు స్థూలంగా మూడు రకాలు. ఒకరు చిన్న వ్యాపారం యజమాని. ఆయనకు బిల్లు పెరగడమో, సైట్ పడిపోవడమో తెలుసు గానీ, అసోసియేట్ పరీక్ష కోడ్ `SAA-C03` అంటే ఏమిటో తెలియదు. రెండోవాళ్లు చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థలో టెక్నికల్ లీడ్‌లు. వాళ్లకు ఏ పరీక్ష ఎంత కష్టమో బాగా తెలుసు, చాలాసార్లు వాళ్లే రాసి ఉంటారు. మూడోవాళ్లు ఏజెన్సీలు. ఏడబ్ల్యూఎస్ పార్ట్‌నర్ స్థాయిలకు సర్టిఫికేషన్ ఉన్నవాళ్ల సంఖ్యను లెక్కలోకి తీసుకుంటారు కాబట్టి, పార్ట్‌నర్ ఏజెన్సీలు ఆ మాట ముందే అడుగుతాయి. (మీ బ్యాడ్జ్ వాళ్ల లెక్కలోకి వస్తుందా లేదా అన్నది వాళ్ల తలనొప్పి.)

క్లౌడ్ ప్రాక్టీషనర్

పరీక్ష ఫీజు 100 డాలర్లు, 90 నిమిషాలు, 65 ప్రశ్నలు, 1000కి 700 వస్తే పాస్. ఏ సర్వీసు ఏం చేస్తుంది, బిల్లింగ్ ఎలా ఉంటుంది, భద్రతలో ఏడబ్ల్యూఎస్ బాధ్యత ఎంతవరకు, కస్టమర్ బాధ్యత ఎంతవరకు అన్నవి అడుగుతారు. సర్వర్ కట్టగలరా అన్నది ఇందులో తేలదు.

అందుకే సర్వర్లు, డేటాబేస్‌లు చూసుకునే పనికి దీన్ని ప్రపోజల్‌లో పెడితే, రెండో రకం క్లయింట్ దగ్గర అది ఎదురు తిరుగుతుంది. 'ఇంతకంటే పెద్దది లేదన్నమాట' అనుకుంటాడు. టెక్నికల్ రైటింగ్, క్లౌడ్ కంపెనీలకు కంటెంట్, అకౌంటింగ్ పనులు చేసేవాళ్లకు మాత్రం ఇది పనికొస్తుంది, ఎందుకంటే అక్కడ క్లయింట్‌కు కావలసింది పరిభాష తెలిసిన మనిషి.

'ముందు ఇది, తర్వాత అసోసియేట్' అనే సలహాలో డబ్బు లెక్క కూడా చూడండి. ఒక ఏడబ్ల్యూఎస్ పరీక్ష పాసైతే తర్వాతి పరీక్షకు సగం ఫీజు తగ్గింపు ఇస్తారు. అంటే 100 పోసి ఇది రాసి, ఆపైన 150 డాలర్ల అసోసియేట్‌ను 75కి రాస్తే మొత్తం 175. నేరుగా అసోసియేట్ రాస్తే 150తో అయిపోతుంది. క్లౌడ్ పూర్తిగా కొత్త అయితే ఆ 25 డాలర్ల తేడాను పరీక్ష భయం పోగొట్టుకోవడానికి పెట్టిన ఖర్చు అనుకోవచ్చు. ఇప్పటికే లినక్స్ సర్వర్లు చూసుకుంటున్నవాళ్లకు ఈ మెట్టు అవసరం లేదు.

సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్ అసోసియేట్

150 డాలర్లు, 130 నిమిషాలు, 65 ప్రశ్నలు, పాస్‌కు 720. మార్కుల పంపకం ఫ్రీలాన్సర్‌కి చాలా ఉపయోగపడుతుంది: భద్రత 30 శాతం, పడిపోకుండా నిలబడే నిర్మాణం 26, పనితీరు 24, ఖర్చు తగ్గింపు 20. చిన్న క్లయింట్లు తెచ్చే సమస్యలు దాదాపు ఈ నాలుగింటిలోనే ఉంటాయి కాబట్టి, క్లయింట్ పని ఏ భాగం కిందకు వస్తుందో చెప్పి సర్టిఫికేషన్‌ను దానికి ముడిపెట్టవచ్చు.

ఇంగ్లీషు మాతృభాష కానివాళ్లకు 30 నిమిషాలు అదనంగా ఇస్తారు. అయితే అది దానంతటది రాదు. పరీక్ష తేదీ బుక్ చేయకముందే మీ సర్టిఫికేషన్ అకౌంట్‌లో `ESL +30` కోసం అడగాలి. బుక్ చేశాక గుర్తొస్తే ఆ పరీక్షకు అది దక్కదు. పరీక్ష ఫెయిలైతే 14 రోజులు ఆగి, మళ్లీ పూర్తి ఫీజు కట్టాలి.

సీకేఏ

ఫీజు 445 డాలర్లు, రెండు గంటలు, పాస్‌కు 66 శాతం, ఫెయిలైతే ఒకసారి ఉచితంగా మళ్లీ రాయవచ్చు. ఇందులో జవాబులు టిక్ పెట్టడం ఉండదు. నిజమైన టెర్మినల్ ఇచ్చి, పాడైన క్లస్టర్‌ను బాగుచేయమంటారు. అందుకే తెలిసినవాడు ఆ పేరు చూడగానే 'ఇతనికి చేత్తో చేయడం వచ్చు' అనుకుంటాడు.

చిక్కల్లా క్లయింట్ల దగ్గర ఉంది. ఒక వెబ్‌సైట్, ఒక డేటాబేస్ ఉన్న వ్యాపారానికి కుబర్నెటీస్ అవసరం ఉండదు, అక్కడ సీకేఏ చూపిస్తే 'ఇతను పనిని పెద్దది చేసి పెడతాడేమో' అన్న అనుమానం వస్తుంది. పనిలో కుబర్నెటీస్, `EKS` లాంటి మాటలు కనిపించినప్పుడు దీనికి సాటి లేదు.

కొత్తగా మొదలుపెట్టే ఏడబ్ల్యూఎస్ ఫ్రీలాన్సర్‌కి అసోసియేటే మేలు. గంట రేటు పెంచుకోవాలి, టెక్నికల్ లీడ్‌లతోనే పని చేయాలి అనుకున్నాక సీకేఏ. కోర్సు వీడియోలన్నీ చూస్తే, పూర్తిచేసినట్టు ఇచ్చే సర్టిఫికెట్‌ను మాత్రం ఈ వరుసలో నిలబెట్టకండి. ఏడబ్ల్యూఎస్ శిక్షణ సైట్ స్కిల్ బిల్డర్‌లో పాఠాలు పూర్తిచేసి 'ఏడబ్ల్యూఎస్ సర్టిఫైడ్' అని రాసుకోవడం తప్పుడు మాటే అవుతుంది, క్లయింట్ ఒక్క క్లిక్‌తో అది బయటపెడతాడు.

పేరు దగ్గర తగిలే దెబ్బ

మన తెలుగువాళ్లకు ఇది ప్రత్యేకంగా వచ్చే సమస్య. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, పాస్‌పోర్టులో చివర, టెన్త్ సర్టిఫికెట్‌లో ఒక్క అక్షరం. పరీక్ష అకౌంట్‌లోని పేరు మీరు చూపే గుర్తింపు కార్డులో ఉన్నట్టే ఉండాలి. లేకపోతే ఆ రోజు లోపలికి పంపకపోవచ్చు, ఫీజూ పోవచ్చు.

లోపలికి వెళ్లి పాసైనా కథ అక్కడితో ఆగదు. అప్‌వర్క్‌లో క్లయింట్‌కు మీ పేరు, ఇంటిపేరులోని మొదటి అక్షరం మాత్రమే కనిపిస్తాయి. ప్రొఫైల్‌లో 'రమేష్ బి.' అని ఉండి, బ్యాడ్జ్ మీద 'బొల్లు వెంకట' అని ఉంటే అది వేరే మనిషి సర్టిఫికెట్ అనుకుంటాడు. రెండు చోట్లా ఒకే పేరు ఒకే క్రమంలో ఉండేలా పరీక్ష బుక్ చేయకముందే సరిచేసుకోండి.

ప్రపోజల్‌లో ఎక్కడ, ఎలా

ఒక నమూనా పని తీసుకుందాం. క్లయింట్ రాసింది ఇది: లారావెల్ యాప్, ఈసీ2 సర్వర్లు, ఆర్‌డీఎస్‌లో మైఎస్‌క్యూఎల్ డేటాబేస్, ఫొటోలు ఎస్3లో. నెల బిల్లు 1,100 డాలర్ల నుంచి 1,900కి పెరిగింది, కారణం తెలియదు.

వచ్చిన ప్రపోజల్స్ జాబితాలో క్లయింట్‌కు మీ మొదటి రెండు మూడు వరుసలే కనిపిస్తాయి. 'నేను ఏడబ్ల్యూఎస్ సర్టిఫైడ్' అని మొదలుపెడితే ఆ చోటంతా వృథా, ఎందుకంటే పక్కనున్న ప్రపోజల్స్ కూడా అలాగే మొదలై ఉంటాయి. అక్కడ ఆయన సమస్యే ఉండాలి. ఉదాహరణకు ఇలా (క్లయింట్‌కు ఇంగ్లీషులోనే పంపుతారు, సారం ఇది): 'మీ డేటాబేస్ ఇంకా మైఎస్‌క్యూఎల్ 5.7లోనే ఉందా? ఉంటే ఎక్స్‌టెండెడ్ సపోర్ట్ పేరుతో వేరే ఛార్జీ పడుతూ ఉంటుంది.'

ఈ ప్రశ్నకు బలం లెక్కలో ఉంది. 2024 మార్చి నుంచి ఆర్‌డీఎస్‌లో 5.7 వాడేవాళ్లకు ఆ ఛార్జీ మొదలైంది. ఉత్తర వర్జీనియా రీజియన్‌లో మొదటి రెండేళ్లూ ఒక్కో విసీపీయూకి గంటకు 0.10 డాలర్, ఆ తర్వాత రెట్టింపు. నాలుగు విసీపీయూల డేటాబేస్‌కు నెలకు 730 గంటలు వేసుకుంటే, తక్కువ రేటులోనే 292 డాలర్లు. స్టాండ్‌బై కూడా ఉంటే దానికీ పడుతుంది.

రెండో ప్రశ్న ఎస్3 గురించి. సర్వర్లు ప్రైవేట్ సబ్‌నెట్‌లో ఉండి, ఫొటోలన్నీ నాట్ గేట్‌వే గుండా ఎస్3కి వెళ్తుంటే, అదే రీజియన్‌లో ప్రతి జీబీకి 0.045 డాలర్ పడుతుంది. నెలకు 5,000 జీబీ అయితే 225 డాలర్లు. ఎస్3కి గేట్‌వే ఎండ్‌పాయింట్ పెడితే ఆ దారికి ఛార్జీ లేదు. బిల్లు చూడకుండా ఈ రెండూ ఉన్నాయని తేల్చి చెప్పకూడదు. కాస్ట్ ఎక్స్‌ప్లోరర్‌ను యూసేజ్ టైప్ వారీగా విడదీసి `ExtendedSupport`, `NatGateway-Bytes` అన్న వరుసలు చూడమంటే క్లయింటే రెండు నిమిషాల్లో చూసుకుంటాడు. చూసి అవునంటే మిగతా ప్రపోజల్స్ ఆయన చదవకపోవచ్చు.

తర్వాత ఏం చేస్తారో రెండు వాక్యాల్లో: మొదటి వారం చదవడానికి మాత్రమే అనుమతి చాలు, రూట్ పాస్‌వర్డ్ వద్దు, `ReadOnlyAccess`తో పాటు `AWSBillingReadOnlyAccess` ఇవ్వమనండి. ఇక్కడ ఒక మెలిక ఉంది. రూట్ యూజర్‌గా లాగిన్ అయి, ఐఏఎం యూజర్లు బిల్లింగ్ చూడటానికి అనుమతించే సెట్టింగ్ ఆన్ చేయకపోతే, ఈ పాలసీలు ఇచ్చినా బిల్లు పేజీ తెరుచుకోదు. అది ముందే చెప్పినవాడికి పని తెలుసని క్లయింట్‌కు అర్థమవుతుంది.

సర్టిఫికేషన్ వరుస ఈ రెండింటి కింద రావాలి, అదీ ఒక్కటే వాక్యం. అందులో నాలుగు విషయాలు ఉండాలి: పూర్తి పేరు, చెల్లుబాటు ఎప్పటివరకు, ఈ పనితో దానికున్న సంబంధం, సరిచూసుకునే దారి. 'ఏడబ్ల్యూఎస్ సర్టిఫైడ్ సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్ అసోసియేట్, 2027 ఆగస్టు వరకు, ఖర్చు తగ్గింపు ఆ పరీక్షలో ఒక భాగం, ఇక్కడ సరిచూడవచ్చు' అంటే సరిపోతుంది. పక్కన డిజిటల్ బ్యాడ్జ్‌లు చూపే సైట్ క్రెడ్లీలోని మీ బ్యాడ్జ్ లింకు ఇవ్వండి. లేదా సర్టిఫికెట్ మీది వాలిడేషన్ నంబరు ఇచ్చి `aws.amazon.com/verification`లో చూడమనండి. పీడీఎఫ్ జతచేయడం కంటే ఇదే నయం. పీడీఎఫ్‌ను ఎవరైనా మార్చగలరని క్లయింట్‌కూ తెలుసు.

లింకు ఇచ్చేటప్పుడు ఆ ఒక్క బ్యాడ్జ్ పేజీదే ఇవ్వండి. మీ ఫోన్ నంబరో, ఈమెయిలో ఉన్న సొంత సైట్ లింకు ఇస్తే, కాంట్రాక్ట్ మొదలుకాకముందు బయట సంప్రదించే దారి చూపినట్టవుతుంది. అప్‌వర్క్ నిబంధనలు దాన్ని ఒప్పుకోవు, అకౌంట్‌కే ముప్పు రావచ్చు. అయిదారు బ్యాడ్జ్‌లు ఉన్నవాళ్లు ప్రపోజల్‌లో ఒక్కటే ఎంచుకుని, మిగతావి ప్రొఫైల్‌లోని సర్టిఫికేషన్ల భాగంలో ఉంచాలి.

గడువు దాటిన బ్యాడ్జ్‌ను ఆ వాక్యంలో పెట్టకండి, లింకు తెరవగానే గడువు తీరిందని అక్కడే కనిపిస్తుంది. అసోసియేట్ మూడేళ్లు చెల్లుతుంది, సీకేఏ రెండేళ్లే. అందుకే సీకేఏ ఖర్చు లెక్క వేసేటప్పుడు 445ని రెండేళ్ల మీద పంచాలి: ఏడాదికి సుమారు 222 డాలర్లు. అసోసియేట్‌కు అది 50. కుబర్నెటీస్ పనులు ఏడాదికి ఒకటో రెండో కూడా రాని ప్రొఫైల్ అయితే, గడువు తీరేటప్పుడు సీకేఏ మళ్లీ రాయకుండా వదిలేసి, అసోసియేట్‌ను మాత్రం నిలబెట్టుకోవడమే లెక్కకు కుదురుతుంది.