రెండు గుమ్మటాల మధ్య చీకటి: ఢిల్లీ, ఆగ్రాలో నాలుగు రోజులు

విజయవాడలో పోటీ పరీక్షల విద్యార్థులకు నేను చరిత్ర చెబుతాను. లోపల ఒకటి, దాని మీద మరొకటిగా రెండు పొరలుండే జంట గుమ్మటం ఎందుకు కట్టారన్న ప్రశ్నకు ఏటా వచ్చే జవాబు ఒకటే: అందం కోసం, బలం కోసం. అందులో మొదటిది సగమే నిజం, రెండోది పొరపాటు. బొమ్మ గీసి ఎన్నిసార్లు చెప్పినా మార్పు రాకపోవడంతో ఫిబ్రవరిలో ముగ్గురు విద్యార్థినులను వెంటబెట్టుకుని ఢిల్లీ రైలెక్కాను.

మొదటి రాత్రి స్టేషన్ పక్కన చవక లాడ్జిలో దిగాం. వేడినీళ్లు లేవు, రాత్రంతా వీధి గోల. మరునాడే నిజాముద్దీన్ వైపు గదికి మారాం. అద్దె ఎక్కువే కానీ హుమాయూన్ సమాధికి నడిచి వెళ్లిరావచ్చు. ఉదయం, సాయంత్రం రెండుసార్లు చూడాలనుకునేవారికి ఆ తేడా గిట్టుబాటే. మధ్యాహ్నం ఆంధ్రా భవన్‌లో పప్పు, గోంగూరతో భోజనం చేశాక పిల్లలకు ప్రాణం లేచొచ్చింది.

ముందు లోడీ తోటకు వెళ్లండి. ప్రవేశ రుసుము లేదు. అక్కడి బడా గుంబద్‌ది ఒంటి గుమ్మటం. బయట కనిపించే వంపే లోపలికి వెళ్లి తలెత్తినా కనిపిస్తుంది. అది కళ్లలో ఉండగానే హుమాయూన్ సమాధికి వెళ్తే తేడా వెంటనే తెలుస్తుంది. 1570ల తొలినాళ్లకు పూర్తయిన ఈ కట్టడం ముందు ఎత్తయిన తోరణం ఉంది. గుమ్మటం దాని వెనక దాగిపోకుండా దూరానికి కనిపించాలంటే ఎత్తయిన గుండ్రటి గోడ, అంటే మెడ మీద నిలబెట్టాలి. ఆ గుమ్మటం ఒక్కటే ఉంటే లోపలి గది బావిలా మారుతుంది, కప్పు చీకట్లో కలిసిపోతుంది. గదికి తగ్గట్టు దించితే బయట పొట్టిగా కనిపిస్తుంది. ఒకే వంపుతో రెండూ కుదరవు గనుకే వంపును రెండుగా విడదీశారు.

పక్కన నిలబడ్డ విద్యార్థిని, "అయితే మేడం, లోపలిది బయటిదాన్ని మోస్తోందా?" అని అడిగింది. నేను ఎదురుచూసిన ప్రశ్న అదే. మోయదు. బయటి గుమ్మటం బరువు మెడ గుండా కింది మందపాటి గోడల్లోకి దిగుతుంది. లోపలిది తన బరువును తాను అంతకంటే కింద గోడలకు అప్పగిస్తుంది. మధ్య ఖాళీని రాతితోనో ఇటుకతోనో నింపి ఉంటే గోడలు మోయాల్సిన భారం ఎన్నో రెట్లు పెరిగేది. ఇటలీలోని ఫ్లోరెన్స్ కెథడ్రల్‌లో వాస్తుశిల్పి బ్రూనెలెస్కీ 1420 నుంచి 1436 వరకు కట్టిన గుమ్మటం వేరు. అక్కడ రెండు పొరలను పక్కటెముకలతో కలిపారు, అవి కలిసి పనిచేస్తాయి. ఆ వివరణను తెచ్చి మొఘల్ కట్టడానికి అతికించడం వల్లే ఆ "బలం కోసం" జవాబు పుడుతోందని నా అనుమానం.

మూడో రోజు తెల్లవారుజామునే ఆగ్రాకు బయల్దేరాం. శుక్రవారం తాజ్‌కు సెలవు, చూసుకుని వెళ్లండి. సమాధి గదిలోకి వెళ్లడానికి అదనపు టికెట్ ఉంది, ఈ పాఠం కోసం వెళ్లేవారు దాన్ని తప్పక కొనాలి. తోటలోంచి చూసి తిరిగొస్తే సగం జవాబే దొరుకుతుంది. లోపల ఫోటోలు తీయనివ్వరు, చూసినదాన్ని బయటికి రాగానే గీసుకోవాలి.

బయట మెట్ల దగ్గర కూర్చుని లెక్క వేయించాను. కలశం కొన వరకు మొత్తం ఎత్తు సుమారు 73 మీటర్లు. అందులో అరుగు 6, కలశం 9 తీసేస్తే 58. లోపలి కప్పు నడినెత్తి గది నేల నుంచి సుమారు 24 మీటర్లే. మిగిలిన 34 మీటర్లలో రాతి మందం పోను తక్కినదంతా ఎవరూ చూడని చీకటి. గది ఎత్తు కంటే దాని మీది భాగమే ఎక్కువ! ముగ్గురూ ఒక్కసారి మళ్లీ గుమ్మటం వైపు తిరిగి చూశారు.

వానను, ఎండను ముందుగా తీసుకునేదీ ఆ బయటి పొరే. మన డాబాల మీద వేసవిలో వేసే తాటాకు పందిరి లాగే అది కింది కప్పును కాస్తుంది. అలాగని నీరు ఎన్నడూ దిగదని రాయకూడదు. తాజ్ గుమ్మటం ఉత్తరం వైపు రెండు చోట్ల వానకు కారిందని 1652లోనే ఔరంగజేబు తన తండ్రి షాజహాన్‌కు ఉత్తరం రాశాడు. మరమ్మతులో చిక్కు కూడా ఇక్కడే ఉంది. తడి కింది పొరలో కనిపించినా పగులు పైపొరలో ఉండొచ్చు.

తిరుగు రైలులో బల్లార్షా దాటాక అదే ప్రశ్న ఇచ్చి పది నిమిషాలు పెట్టాను. ఒకమ్మాయి ముందు నిలువు కోత బొమ్మ గీసింది. బయటి వంపు పక్కన "దూరం నుంచి చూసేవారికి, వానకు", లోపలి వంపు పక్కన "గదిలో నిలబడ్డవారికి" అని రాసి, మధ్య ఖాళీని పెన్సిల్‌తో నల్లగా నింపింది. బరువు బాణాలు రెండూ విడివిడిగా గోడలోకి దిగాయి.