"క్రేప్ అండ్ పాన్‌కేక్ మిక్స్, 30 పీసులు" ప్యాకెట్ కొనేవాళ్లకు హెచ్చరిక

ఆన్‌లైన్‌లో 500 గ్రాముల ప్రీమిక్స్ ఒకటి తెప్పించాను. ముందువైపు "క్రేప్ అండ్ పాన్‌కేక్, 30 పీసులు" అని పెద్దక్షరాలు. వెనక మాత్రం రెండింటికీ కలిపి ఒకటే కొలత: ప్యాకెట్ మొత్తానికి 750 మిల్లీలీటర్ల పాలు, 3 గుడ్లు. తిరకాసంతా అక్కడే ఉంది.

అమెరికా తరహా పాన్‌కేక్‌కి మైదా ఎంతో, పాలు దానికి సుమారు ఒకటిన్నర రెట్లు. పిండి ఊతప్పం పిండిలా చిక్కగా ఉంటుంది, పొంగడానికి బేకింగ్ పౌడర్ పడుతుంది. ఫ్రెంచి క్రేప్ సంగతి వేరు, అది పలచటి దోసెలా ఉంటుంది. 250 గ్రాముల మైదాకి అర లీటరు పాలు, 4 గుడ్లు, 50 గ్రాముల కరిగించిన వెన్న. బేకింగ్ పౌడర్ ఉండదు. అంటే ఈ ప్యాకెట్ కొలత పాన్‌కేక్‌దే, క్రేప్ అనే మాట అమ్ముకోవడానికి తగిలించారు.

ఆ 30 లెక్క కూడా చూడండి. పొడి, పాలు, గుడ్లు కలిస్తే దాదాపు 1400 గ్రాముల పిండి. అరచేతంత పాన్‌కేక్‌కి 45-50 గ్రాములు చొప్పున 30 దాకా వస్తాయి, నిజమే. కానీ 24 సెంటీమీటర్ల పెనం మీద క్రేప్‌కి 60 గ్రాములు కావాలి. 23 దాటవు. అవి కూడా సరిగ్గా రావు: పిండి పెనం తిప్పినా జరగదు, కాలేటప్పుడు బుడగలొచ్చి చిల్లులు పడతాయి, మడతపెడితే చీలిపోతాయి. పాలు ఇంకా పోసి పలచన చేద్దామా అంటే, పట్టి ఉంచే గుడ్డు చాలదు. కలిసిన బేకింగ్ పౌడర్‌ని తీసేయలేం కదా!

రిటర్న్ అడిగితే "ఓపెన్ చేసిన ఫుడ్ ఐటమ్ తీసుకోం" అన్నారు. కాబట్టి కొనేముందే వెనక ఫొటో జూమ్ చేసి చూడండి. పదార్థాల్లో బేకింగ్ పౌడర్ గానీ, వంటసోడాకి వాడే కోడ్ ఐఎన్ఎస్ 500 గానీ ఉంటే క్రేప్ కోసం కొనకండి. పీసు ఎన్ని సెంటీమీటర్లో రాయకపోతే ఆ అంకెను నమ్మకండి.

అసలు దీనికి ప్యాకెట్ ఎందుకో నాకర్థం కాదు. ఎన్ని క్రేప్‌లు కావాలో దాన్ని 60తో గుణించండి. వచ్చిన బరువులో పావు వంతు మైదా, సగం పాలు, ఐదో వంతు గుడ్డు, మిగతాది వెన్న. 12 క్రేప్‌లకి 720 గ్రాములు: మైదా 180, పాలు 360, గుడ్లు 3, వెన్న 36. చిటికెడు ఉప్పు. పదే కావాలంటే గుడ్డు 120 గ్రాములు రావాలి, రెండు గుడ్లు కొట్టి తూచి, తగ్గినంత మూడోది గిలక్కొట్టి పోయండి. మన దగ్గర గుడ్లు కొన్నిసార్లు బాగా చిన్నవి వస్తాయి, పెంకు తీశాక తూస్తేనే లెక్క నిలుస్తుంది. కలిపాక అరగంట ఆగితే పిండి కాస్త చిక్కబడుతుంది. అప్పుడు ఒకటి పోసి చూసి, సాగకపోతే చెంచాడు చొప్పున పాలు కలుపుకోండి.