సెల్ఫీలో ఉబ్బిన ముక్కు: స్నాప్‌సీడ్ హెడ్ పోజ్‌తో నాలుగేళ్ల అనుభవం

రాజాంలో ఉంటున్న మా అన్నయ్య కూతురు పెళ్లి సంబంధం వారికి పంపడానికి తానే ఒక సెల్ఫీ తీసుకుని, ముందుగా నాకు చూపించింది. "అత్తయ్యా, నా ముక్కు నిజంగా ఇంత పెద్దదా?" అని అడిగింది. పుట్టినప్పటి నుంచి చూస్తున్న ముఖం అది. ఆ ముక్కు అంత పెద్దది కాదని నాకు బాగా తెలుసు. కానీ ఫోటోలో మాత్రం ముక్కు ముందుకు ఉబ్బి, బుగ్గలు వెనక్కి జారి, చెవులు దాదాపు మాయమై కనిపించాయి. ఆ రోజు ఫోటోలు సరిచేసే స్నాప్‌సీడ్ అనే ఫోను యాప్‌లోని Head Pose అనే పనిముట్టును మొదటిసారి తెరిచాను. అప్పటి నుంచి నాలుగేళ్లుగా విజయనగరంలో మా ఇంటివారికీ ఇరుగుపొరుగువారికీ ఇలాంటి ఫోటోలు సరిచేసి ఇస్తున్నాను. అది ఎంతవరకు పనికొస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో ఇప్పుడు చెప్పగలను.

ముందుగా ఒక అపోహ తొలగాలి. ముక్కు పెద్దదిగా కనిపించడానికి లెన్సు కారణమని చాలామంది అనుకుంటారు. అసలు కారణం దూరం. ముక్కు కొన నుంచి చెవి వరకు లోతు సుమారు 12 సెంటీమీటర్లు అనుకుందాం. ఫోను ముక్కుకు 30 సెంటీమీటర్ల దూరంలో ఉంటే చెవి 42 సెంటీమీటర్ల దూరంలో ఉన్నట్టు. దగ్గరిది పెద్దదిగా, దూరంది చిన్నదిగా పడుతుంది కాబట్టి చెవితో పోలిస్తే ముక్కు 40 శాతం పెద్దదై కనిపిస్తుంది. అదే ఫోను 150 సెంటీమీటర్ల దూరంలో ఉంటే ఆ తేడా 8 శాతానికి పడిపోతుంది. లెన్సు మారలేదు, మనిషీ మారలేదు. సెల్ఫీ కెమెరాలకు వెడల్పు లెన్సు ఉంటుంది కాబట్టి ముఖం ఫ్రేము నిండా రావాలని ఫోనును దగ్గరికి తెచ్చుకుంటాం. లెన్సు పాత్ర అంతవరకే. 2018లో అమెరికాలో ముఖ శస్త్రచికిత్స వైద్యులు ఒక అధ్యయనం ప్రచురించారు. సుమారు 5 అడుగుల దూరం నుంచి తీసిన ఫోటోతో పోలిస్తే, 12 అంగుళాల దూరం నుంచి తీసిన సెల్ఫీలో ముక్కు దాదాపు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందని అందులో లెక్కగట్టారు. సెల్ఫీ చూసుకుని ముక్కుకు శస్త్రచికిత్స చేయమని అడిగేవారికి చూపించడానికే ఆ లెక్క కట్టారు. మా అమ్మాయి ప్రశ్న గుర్తొచ్చినప్పుడల్లా ఆ వైద్యులకు మనసులోనే నమస్కరిస్తాను.

ఇక పనిముట్టు సంగతి. ఫోటో తెరిచి TOOLS లో Head Pose ఎంచుకుంటే, ముఖాన్ని గుర్తించి దానిపై ఒక త్రిమితీయ నమూనాను అమర్చుకుంటుంది. అక్కడ తలను కాస్త అటూ ఇటూ తిప్పవచ్చు, కానీ మనకు కావలసింది అది కాదు. సర్దుబాట్ల జాబితాలోకి వెళితే Focal Length అని కనిపిస్తుంది. దాన్ని ఎంచుకుని వేలిని పక్కకు జరుపుతూ, ముక్కు వెనక్కి తగ్గి ముఖం కొద్దిగా చదునవుతున్న వైపు ఆగాలి. పేరు చూసి లెన్సు మారుతోందనుకోవద్దు. ముఖాన్ని మరింత దూరం నుంచి చూస్తే ఎలా ఉంటుందో ఊహించి, చిత్రాన్ని అక్కడక్కడా సాగదీసి, కుదించి చూపిస్తుంది.

పోయిన సంక్రాంతికి కుట్టుపని టేపు పట్టుకుని ఒక పరీక్ష చేశాను. మా అమ్మాయిని వరండాలో నిలబెట్టి 30, 60, 150 సెంటీమీటర్ల దూరాల నుంచి ఒకే ఫోనుతో మూడు ఫోటోలు తీశాను. బుగ్గ ఎముకల మధ్య వెడల్పు మూడింటిలోనూ 70 మిల్లీమీటర్లు వచ్చేలా అచ్చు వేయించి, స్కేలుతో ముక్కు వెడల్పు కొలిచాను. వరుసగా 21, 18, 16 మిల్లీమీటర్లు వచ్చాయి. తరువాత మొదటి రెండు ఫోటోలను హెడ్ పోజ్‌తో సరిచేశాను. 60 సెంటీమీటర్ల ఫోటో 16న్నరకు దిగింది. పక్కన పెట్టి చూస్తే తప్ప తేడా తెలియలేదు. 30 సెంటీమీటర్ల ఫోటో మాత్రం 19 దగ్గరే ఆగింది. ఇంకా లాగితే ముక్కు తగ్గే లోపే దవడ వెడల్పై, ముఖం అద్దంపై అదిమిపెట్టినట్టు కనిపించింది.

ఆ పరిమితికి కారణం నాకు ఆలస్యంగా అర్థమైంది. అంత దగ్గరి ఫోటోలో కెమెరాకు చెవులు, బుగ్గల పక్క భాగాలు సరిగా కనిపించవు. కనిపించనిది ఫోటోలో లేదు. లేని చెవిని ఏ సాగదీతా తెచ్చిపెట్టలేదు. అందుకే ఇప్పుడు ఎవరు ఫోటో ఇచ్చినా ముందుగా చెవులు చూస్తాను. రెండు చెవులూ కొంతైనా కనిపిస్తే సరిచేస్తాను. కనిపించకపోతే మళ్లీ తీసుకోమని చెబుతాను.

రెండో చిక్కు వెనక దృశ్యంలో ఉంటుంది. ముఖాన్ని కదిపినప్పుడు దాన్ని ఆనుకుని ఉన్న గీతలు కూడా కదులుతాయి. కళింగపట్నం తీరంలో తీసిన ఒక సెల్ఫీలో లైట్‌హౌస్ సరిగ్గా తల పక్కనే నిలబడింది. ముక్కు చక్కబడింది గానీ, లైట్‌హౌస్ నడుము దగ్గర వంగింది. తలుపు చట్రం, కిటికీ కమ్మీలు, జుట్టు పక్కన గోడ అంచు ఉన్నా ఇదే జరుగుతుంది. సముద్రం, ఆకాశం, చెట్లు ఉంటే ఎవరికీ తెలియదు. సరిచేశాక ముఖాన్ని కాకుండా దాని పక్కనున్న నిలువు గీతలను చూడండి. వంపు కనిపిస్తే View edits లోకి వెళ్లి అదే సర్దుబాటును మళ్లీ తెరిచి కొద్దిగా తగ్గించాలి. మొదటి నుంచీ చేయనక్కర్లేదు.

ఆరేడుగురు కలిసి దిగిన సెల్ఫీలో అంచున ఉన్నవారి ముఖం పక్కకు సాగి కనిపించడం వేరే జబ్బు. అది వెడల్పు లెన్సు అంచుల్లో వచ్చే సాగుదల. దానికి Focal Length మందు కాదు. పెద్దవాళ్లను మధ్యలో నిలబెట్టి, అంచుల్లో కొంత ఖాళీ వదిలి, తరువాత కత్తిరించుకోవడమే నేను చేసే పని.

పాస్‌పోర్టు, గుర్తింపు కార్డు ఫోటోలకు మాత్రం ఈ పనిముట్టును వాడను. అక్కడ ముఖం కొలతలు మార్చకూడదు. పెళ్లి సంబంధానికి పంపే ఫోటో విషయంలో మా వదిన కూడా సందేహించింది. "అవతలివాళ్లను మోసం చేసినట్టు కాదా?" అంది. ఎదురుగా కూర్చున్న మనిషి ఒకటిన్నర మీటరు దూరం నుంచి చూసే ముఖాన్నే చూపిస్తున్నామని, అంతకు మించి ముక్కును సన్నం చేస్తే అప్పుడు మోసమవుతుందని చెప్పాను. అందుకే 150 సెంటీమీటర్ల ఫోటో ఒకటి పక్కన పెట్టుకుని, దానికి సరితూగగానే ఆపేస్తాను.

అలాంటి ఫోటో తీయగలిగితే అసలు సరిచేయడమెందుకు అంటారా? నిజమే. మా అమ్మాయి సంబంధానికి చివరకు పంపింది సరిచేసిన సెల్ఫీ కాదు. ఫోనును కిటికీ గట్టుమీద నిలబెట్టి, వెనక కెమెరాకు 10 సెకన్ల టైమరు పెట్టి, తనను రెండు అడుగులు వెనక్కి, మళ్లీ మూడు అడుగులు వెనక్కి నడిపించి తీసిన ఫోటో. ముఖం ఫ్రేములో చిన్నదిగా పడింది. చుట్టూ కత్తిరిస్తే సరిపోయింది. రెండు చెవుల జుంకీలూ కనిపించాయి. హెడ్ పోజ్‌ను ఇప్పుడు మళ్లీ తీయడానికి వీలులేని ఫోటోల కోసమే ఉంచుకున్నాను. పోయిన ఏడాది కాలం చేసిన మా పెద్దనాన్న తన మనవడితో చేయి చాపి తీసుకున్న ఒకే ఒక్క సెల్ఫీ దానితోనే చక్కబడి, ఇప్పుడు మా హాలులో ఉంది.