చొక్కా మడతల్లో అక్షరం విరగకుండా: డిస్‌ప్లేస్ ఫిల్టర్‌పై సమీక్ష

టీషర్టుల మీద అచ్చు వేసే పనిలో, బట్టకు రంగు తగలకముందే నమూనా బొమ్మ చూపించాలి. సాదా చొక్కా తొడుక్కున్న మనిషి ఫోటో తీసుకుని, విడిగా తయారైన లోగోనో అక్షరాలనో ఆ ఛాతీ మీద అమర్చుతాం. ఊరికే అతికిస్తే స్టిక్కరు వేసినట్టు కనిపిస్తుంది. బట్టతో పాటు వంచితే సహజంగా ఉంటుంది కానీ అక్షరాలు చదవలేని స్థితికి వస్తాయి. ఈ రెండింటి మధ్య దారి కోసం నేను ఏళ్లుగా ఫోటోషాప్‌లోని Displace ఫిల్టర్‌నే నమ్ముకున్నాను. ఇది చూడటానికి పాతకాలపు సరుకే. అయినా ఎంత కదుపుతుందో ముందే లెక్క కట్టుకోవచ్చు కాబట్టి దీన్ని వదల్లేదు.

Filter > Distort > Displace తెరిస్తే అది ఇంకొక ఫైలు అడుగుతుంది. దాన్నే మ్యాప్ అంటాం. చొక్కా ఫోటోనే నలుపు తెలుపుల్లోకి మార్చి, విడిగా PSD ఫైలుగా దాచినది. మ్యాప్‌లో సరిగ్గా నడిమి బూడిద రంగు, అంటే 128 విలువ ఉన్నచోట అక్షరం కదలదు. అంతకంటే నల్లగా ఉంటే ఒక దిక్కుకు, తెల్లగా ఉంటే ఎదురు దిక్కుకు జరుగుతుంది. స్కేలు 100 పెడితే గరిష్ఠంగా 128 పిక్సెళ్లు, 10 పెడితే సుమారు 13 పిక్సెళ్లు. ఉన్న లెక్క ఇంతే.

అక్షరాలు చెడిపోతే చాలామంది స్కేలు తగ్గిస్తారు. నా అనుభవంలో తప్పు ఎక్కువగా అక్కడ ఉండదు. అక్షరం మొత్తం పది పిక్సెళ్లు పక్కకు జరిగినా చదివేవారికి తెలియదు. ఒకే గీతలో ఒక ముక్క మూడు పిక్సెళ్లు జరిగి పక్క ముక్క కదలకపోతే మాత్రం గీత విరిగినట్టు కనిపిస్తుంది. అంటే చదువుబాటును నిర్ణయించేది మ్యాప్‌లో పక్కపక్క చుక్కల మధ్య ఉన్న తేడా. నూలు నేత, కెమెరా నలుసులు ఆ తేడాను పుట్టిస్తాయి. వాటిని చెరిపేది మ్యాప్ మీద వేసే Gaussian Blur. అందుకే నేను స్కేలు కంటే ముందు బ్లర్‌ను చూసుకుంటాను.

ఒక పని వివరంగా చెబుతాను. గ్రంథాలయ వారోత్సవాలకు కార్యకర్తలు తొడుక్కునే లేత పసుపు టీషర్టు. ఛాతీ మీద రెండు వరుసల్లో ‘గ్రంథాలయ వారోత్సవాలు’ అని ముదురు నీలం అక్షరాలు. ఫోటో వెడల్పు 2400 పిక్సెళ్లు, అందులో పై వరుస దాదాపు 700. గీత మందం 14 ఉంటే, ‘థ’ లోపలి చుక్క అంతకంటే కొంచెం చిన్నది. తెలుగుతో చిక్కంతా ఇలాంటి చోటే వస్తుంది. ఆ చుక్క కాస్త పక్క గీతలో కలిసిందంటే ‘గ్రంధాలయ’ అని కనిపిస్తుంది, చూసినవారు అక్షరదోషం అనుకుంటారు. రెండో వరుసలో ‘త్స’ కింది ఒత్తుకూ అదే గండం.

బ్లర్ రేడియస్ 2 పెట్టినప్పుడు గీతల అంచులు రంపపు పళ్లలా వచ్చాయి. 14 పెడితే మడతలే మాయమై అక్షరాలు మళ్లీ అతికించినట్టున్నాయి. 7 దగ్గర కుదిరింది. ఆ తరువాతి పనుల్లోనూ గీత మందంలో సగం అన్న కొలతతోనే మొదలుపెడుతున్నాను. బట్ట మరీ ముతకదైతే కొంచెం పెంచుతాను.

లేత రంగు చొక్కాతో మరో తిరకాసు ఉంది. ఈ పసుపు చొక్కా నలుపు తెలుపుల్లో సగటున 190 దగ్గర నిలిచింది. నడిమి బూడిద కంటే 62 ఎక్కువ. స్కేలు 10 పెడితే మడతలతో సంబంధం లేకుండానే అక్షరాలన్నీ ఆరు పిక్సెళ్లు పక్కకు వెళతాయి. ఛాతీ భాగాన్ని ఎంచుకుని, హిస్టోగ్రామ్‌లో సగటు 128 దగ్గరికి వచ్చేదాకా Levels సర్దితే ఆ జరుగుబాటు పోతుంది. నల్ల చొక్కాలతో కథ వేరు. వాటిలో మడతల వెలుగునీడలే తక్కువ కాబట్టి మ్యాప్‌లో కాంట్రాస్ట్ బాగా పెంచాలి, పెంచితే నలుసులూ పెరుగుతాయి, బ్లర్ కూడా పెంచక తప్పదు.

స్కేలు విషయానికొస్తే, ఈ పనిలో అడ్డంగా 8, నిలువుగా 3 పెట్టాను. భుజం నుంచి దిగే మడతలు నిలువుగా ఉంటాయి కాబట్టి అక్షరం అడ్డంగా వంగితే కంటికి సరిపోతుంది. నిలువు కదలిక ఎక్కువైతే పై వరుస ఒత్తులు కింది వరుస అక్షరాలకు తగులుతాయి.

ఇంత చేసినా ఒక లోతైన మడత సరిగ్గా ‘థ’ మీదుగా పోయింది. ఇక్కడ నాకు అన్నిటికంటే ఇష్టమైన కిటుకు చెప్పాలి. మ్యాప్ ఫైలు తెరిచి, మెత్తని అంచున్న బ్రష్‌తో #808080 రంగును ఆ అక్షరం ఉన్నచోట పలుచగా పూస్తే, అక్కడ మాత్రం కదలిక తగ్గిపోతుంది. చుట్టూ ఉన్న అక్షరాలు వంగే ఉంటాయి కాబట్టి ఆ ఒక్కటి వంగలేదని ఎవరూ పట్టుకోలేరు. మ్యాప్ మార్చాక ఫిల్టర్‌ను మళ్లీ వేయాలి. అందుకే అక్షరాల లేయర్‌ను ముందే స్మార్ట్ ఆబ్జెక్ట్‌గా మార్చి ఉంచుతాను, అసలు రూపం చెడదు.

ఛాతీ గుండ్రదనాన్ని ఈ ఫిల్టర్ ఇవ్వదు. దాన్ని ముందే Edit > Transform > Warp తో కొద్దిగా వంచి, ఆ తరువాతే Displace కు వెళతాను. చివరగా వెలుగునీడలు. లేత చొక్కా మీద ముదురు అక్షరాలకు Multiply చాలు. ముదురు చొక్కా మీద తెల్ల అక్షరాలకు అదే పెడితే అవి కనిపించకుండా పోతాయి. అక్కడ Normal లోనే ఉంచి, Blend If లో కింది లేయర్ నల్ల ముల్లును Alt నొక్కి రెండుగా చీల్చి, బాగా చీకటి మడతల్లో మాత్రమే అక్షరం పలచబడేలా చేస్తాను. ఇందులో అత్యాశ పనికిరాదు. ముల్లు కొంచెం ఎక్కువ జరిపితే తలకట్లు మాయమవుతాయి.

లోపాలకు వస్తే, పెద్దది ముందుగా చూపించకపోవడం. అంకెలు వేసి, ఫైలు ఎంచుకుని, ఫలితం వచ్చాకే సంగతి తెలుస్తుంది. మ్యాప్ తీశాక ఫోటో అంచులు కత్తిరిస్తే కొలత తప్పి మడత ఒకచోట, వంపు ఒకచోట పడతాయి. అన్నిటికంటే ముఖ్యం, ఈ ఫిల్టర్‌కు లోతు తెలియదు, వెలుగే తెలుసు. చెమట మరక, గుండీల పట్టీ, చేతి నీడ, గళ్ల చొక్కాలోని గడి, ఇవన్నీ దాని దృష్టిలో మడతలే. గళ్ల చొక్కా ఫోటో ఇస్తే నేను ఈ దారే పట్టను, వార్ప్‌తో చేత్తో వంచుతాను. మనిషి పక్కకు తిరిగి నిలబడ్డ ఫోటోకూ అంతే.

ఉచితంగా దొరికే జింప్‌లోనూ ఇదే ఫిల్టర్ ఉంది: Filters > Map > Displace. తెరిచి ఉన్న లేయర్‌నే మ్యాప్‌గా తీసుకుంటుంది, కదలికను నేరుగా పిక్సెళ్లలో చెప్పవచ్చు, 2.10 నుంచి ఫలితం బొమ్మ మీదే కనిపిస్తుంది. ఈ ఒక్క పని కోసమే అయితే జింప్ చాలు. నా మిగతా పనులన్నీ ఫోటోషాప్ లేయర్లలో ఉన్నాయి కాబట్టి నేను అక్కడే ఉన్నాను.

పరీక్ష మాత్రం రెండు చోట్ల చేస్తాను. మొదట నూరు శాతం పరిమాణంలో గీతల అంచులు చూస్తాను. తరువాత బొమ్మను 400 పిక్సెళ్ల వెడల్పుకు కుదించి ఫోనుకు పంపుకుంటాను, కస్టమర్లు చూసేది అక్కడే. అక్షరాలేమిటో తెలియనివారి చేత చదివిస్తే ఇంకా మంచిది, మన కన్ను తెలిసిన మాటను తానే పూరించుకుంటుంది. ఇక అచ్చు వేసే స్క్రీన్ తయారుచేసేవారికి పంపేది ఎప్పుడూ వంచని అసలు డిజైనే. వంచిన లేయర్ వాళ్లకు పంపే ఫోల్డరులో లేకుండా చూసుకోండి.