జాగ్రత్త: మధ్యాహ్నం పూట నెట్ పోతోందా? రౌటర్ కొనేముందు అడాప్టర్ చూడండి

తిరుపతి, చిత్తూరు వైపు వాళ్లకు, ముఖ్యంగా ఇంట్లో పెద్దవాళ్లు మాత్రమే ఉండేవాళ్లకు ఈ పోస్టు. "రౌటర్ పోయింది, కొత్తది తీసుకోండి" అని ఎవరైనా చెబితే డబ్బు తీయకముందు ఒక్క పూట ఆగండి. మా నాయన ఆగలేదు. 2,200 పెట్టి కొత్త రౌటర్ కొన్నాడు, బిగించినందుకు ఇంకో 300 ఇచ్చాడు. మరుసటి మధ్యాహ్నం నెట్ మళ్లీ పోయింది.

నాయన లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. కొర్లగుంటలో ఇల్లు. పాత శిష్యుల పిల్లలు కొందరు పదో తరగతిలో ఉన్నారు, వాళ్లకు మధ్యాహ్నం వీడియో కాల్‌లో లెక్కలు చెబుతాడు. ఫీజు లేదు, కానీ టైము తప్పితే మాత్రం ఊరుకోడు. అలాంటి మనిషికి ఎండాకాలం మొదలైనప్పటి నుంచి ఒంటిగంటన్నర దాటితే చాలు, సమీకరణం సగంలో ఉండగానే కాల్ కట్టయ్యేది. కొన్ని నిమిషాలకు దానంతట అదే వచ్చేది. మళ్లీ పోయేది. అయిదు దాటాక ఏమీ జరగనట్టు రాత్రంతా నడిచేది.

నెట్ ఆఫీసుకు ఫోన్ చేస్తే వాళ్లు అక్కడి నుంచే చూసి, "మా లైను బాగుంది సార్, మీ రౌటరే ఏమో" అన్నారు. మనిషిని పంపమంటే పంపారు, అదీ పొద్దున పదింటికి. పదింటికి అన్నీ బాగానే పనిచేస్తాయి కదా! ఆ అబ్బాయి ఫోన్‌లో స్పీడు చూపించి వెళ్లిపోయాడు. ఆ తర్వాతే నాయన విసిగిపోయి దగ్గర్లోని షాపుకు వెళ్లాడు. షాపాయన ఒక్క ప్రశ్నే అడిగాడు. "ఎన్నేళ్లయింది సార్? అయిదేళ్లా? అయితే ఇంక పోయినట్టే" అని కొత్త డబ్బా తీసి బల్లమీద పెట్టాడు. కుర్రాడిని పంపి బిగించాడు.

దాంతోనూ నెట్ పోవడం ఆగలేదు. షాపుకు ఫోన్ చేస్తే "ఎండలు సార్, సిగ్నల్ ప్రాబ్లం" అన్నాడట. రౌటర్ అమ్మేటప్పుడు రౌటర్ తప్పు, అమ్మాక ఎండ తప్పు.

మావాడు డిప్లొమాలో ఎలక్ట్రానిక్స్ చదువుతున్నాడు. సెలవులకు తాత ఇంటికి వెళ్లాడు. నాయన వాడి ముందు ఒక పాత అటెండెన్స్ రిజిస్టర్ పెట్టాడు. నెట్ పోయిన టైము, వచ్చిన టైము, రోజువారీగా రాసి ఉన్నాయి. పిల్లల పేర్లుండే చోట తేదీలు! అన్నీ ఒంటిగంటన్నర, అయిదు మధ్యలోనే. మబ్బు పట్టి వాన పడిన రోజు గడి మాత్రం ఖాళీ. అది చూసి మావాడు, "తాతా, లైను పాడైతే దానికి టైము తెలియదు. ఇది వేడికి జరుగుతోంది" అన్నాడు.

ఇక్కడి నుంచి వాడు చేసిన పనులు కొంచెం వివరంగా రాస్తాను. ఇవి ఎవరైనా చేసుకోవచ్చు.

నాయన ఇంట్లో రెండు పెట్టెలున్నాయి. వీధి తలుపు దగ్గర ఫైబర్ వైరు వచ్చి చేరే ఓఎన్‌టీ ఒకటి, హాల్లో టీవీ పక్కన వైఫై ఇచ్చే రౌటర్ ఒకటి. మధ్యలో లాన్ కేబుల్. రెండింటికి కరెంటు వేరువేరుగా వెళ్తుంది. మావాడు మధ్యాహ్నం తాతను ఓఎన్‌టీ దగ్గర కూర్చోబెట్టి, తను రౌటర్ దగ్గర కూర్చున్నాడు. నెట్ పోయిన క్షణంలో ఓఎన్‌టీ మీద PON లైటు పచ్చగా నిలకడగా ఉంది, LOS లైటు ఎర్రగా వెలగలేదు. అంటే ఫైబర్ బాగానే ఉంది. రౌటర్ మీద మాత్రం అన్ని లైట్లూ ఒక్కసారిగా ఆరిపోయాయి, పవర్ లైటుతో సహా. ఇంట్లో ఫ్యాను తిరుగుతూనే ఉంది. కాసేపటికి పవర్ లైటు వచ్చింది, తర్వాత ఒక్కోటీ వెలిగాయి.

ఈ తేడా గుర్తుపెట్టుకోండి. లైను పోతే రౌటర్ వెలుగుతూనే ఉంటుంది, ఇంటర్నెట్ లైటు ఒక్కటే ఆరుతుంది లేదా రంగు మారుతుంది. అన్నీ కలిసి ఆరి మళ్లీ మొదటి నుంచి వెలిగాయంటే దానికి కరెంటు అందలేదన్నమాట. మీరు దగ్గర లేనప్పుడు పోయినా తెలుసుకోవచ్చు. ఫోన్ బ్రౌజర్‌లో 192.168.0.1 లేదా 192.168.1.1 కొట్టి (ఏది మీదో రౌటర్ అడుగున స్టిక్కర్ మీద ఉంటుంది) లోపలికి వెళ్తే, చాలా రౌటర్లలో స్టేటస్ పేజీలో Uptime అని ఉంటుంది. ఎవరూ ఆపకుండానే అది పది నిమిషాలే చూపిస్తే, రౌటర్ పది నిమిషాల క్రితం ఆగి మళ్లీ లేచినట్టు. ఇలా ఆగడానికి ఒక్కోసారి రౌటరే కారణం కావచ్చు. కానీ కొత్త రౌటర్ కూడా పాతదానిలాగే, అదే వేళకు ఆగుతుంటే ఆ రెండింటికీ ఉమ్మడిగా ఉన్నదేదో చూడాలి.

మావాడు టీవీ స్టాండు వెనక్కి చెయ్యి పెట్టి అడాప్టర్ పీకాడు. చేతిలో పట్టుకోలేనంత వేడి. స్టాండు పడమటి గోడకు ఆనుకుని ఉంది, వెనక గాలి ఆడదు, పైన సెట్‌టాప్ బాక్సు. అడాప్టర్ మీద రాసింది చూసి వాడు నవ్వాడట. దాని మీద ఉన్నది పాత రౌటర్ కంపెనీ పేరు.

"తాతా, కొత్త రౌటర్ అట్టపెట్టె ఎక్కడుంది?"

"అటక మీద పెట్టించినా. ఎందుకురా?"

దించి చూస్తే కొత్త అడాప్టర్ ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా అందులోనే ఉంది. షాపు కుర్రాడికి స్టాండు జరపడం బద్ధకమైంది. రెండూ 12 వోల్టులు, 1 ఆంపియరువే, పిన్ను సైజూ ఒకటే. వేలాడుతున్న పాత వైరునే కొత్త రౌటర్‌కు గుచ్చి 300 తీసుకుని వెళ్లిపోయాడు.

కొత్త అడాప్టర్‌ను గాలి తగిలే వేరే బోర్డులో పెట్టారు. ఆ మధ్యాహ్నం క్లాసు ఆగలేదు. ఆ తర్వాత కూడా ఆగలేదు. మావాడు అంతటితో వదల్లేదు, అదే కొత్త అడాప్టర్‌తో పాత రౌటర్‌ను మధ్యాహ్నాలు నడిపి చూశాడు. అదీ నిక్షేపంగా నడిచింది. అంటే 2,200 అనవసరంగా పోయినట్టే.

అడాప్టర్ ఎందుకిలా చేస్తుందంటే, దాని లోపల కరెంటును నిలకడగా ఉంచే చిన్న డబ్బాల్లాంటి కెపాసిటర్లుంటాయి. వాటిలోని ద్రవం ఏళ్ల తరబడి వేడికి ఎండుతూ వస్తుంది. పది డిగ్రీల వేడి పెరిగితే వాటి ఆయుష్షు దాదాపు సగమవుతుందని ఎలక్ట్రానిక్స్‌లో వాడుకలో ఉన్న లెక్క. అవి బలహీనపడితే వోల్టేజీ ఒడిదుడుకులవుతుంది, అడాప్టర్ మామూలుకంటే ఎక్కువ వేడెక్కుతుంది. చాలా అడాప్టర్లలో కరెంటును నడిపించే స్విచ్చింగ్ ఐసీ అనే చిప్పు ఉంటుంది, వేడి హద్దు దాటగానే అది తనంతట తాను ఆగి, చల్లబడ్డాక మళ్లీ మొదలవుతుంది. పొద్దున, రాత్రి ఆ హద్దు దాకా పోదు. తిరుపతి మేనెల మధ్యాహ్నం, స్టాండు వెనక మూలలో పోతుంది.

ఇంకో సంగతి. మల్టీమీటర్ పెట్టి చూశాం, 12 వోల్టులు బాగానే ఉన్నాయి అని మెకానిక్ అంటే నమ్మేయకండి. రౌటర్ తగిలించకుండా ఖాళీగా చూస్తే మా పాత అడాప్టర్ కూడా 12.2 చూపించింది. భారం పడ్డప్పుడే దాని బండారం బయటపడుతుంది. మావాడు బైకు ఇండికేటర్ బల్బు ఒకటి తెచ్చాడు, 12 వోల్టులు 10 వాట్లది. అది సుమారు 0.8 ఆంపియర్లు లాగుతుంది, 1 ఆంపియర్ అడాప్టర్ దాన్ని హాయిగా మోయాలి. బల్బు వెలిగించి కొలిస్తే కొత్త అడాప్టర్ 11.9 దగ్గర కదలకుండా నిలిచింది. పాతది 10.4తో మొదలై దిగుతూ పోయింది, అరగంట కాకముందే బల్బు ఆరి మళ్లీ వెలిగింది. రౌటర్‌కు జరుగుతున్నది సరిగ్గా అదే. తర్వాత వాడు దాన్ని విప్పి చూస్తే ఒక కెపాసిటర్ తల ఉబ్బి ఉంది. (విప్పే పని మీరు పెట్టుకోవద్దు. ప్లగ్గు తీశాక కూడా లోపల ఒక కెపాసిటర్‌లో మూడొందల వోల్టుల దాకా నిలిచి ఉండొచ్చు.)

మీటరూ బల్బూ లేనివాళ్లు ఇంట్లో సెట్‌టాప్ బాక్సు అడాప్టర్ చూడండి, చాలావాటికి 12 వోల్టులే ఉంటుంది. వోల్టులు రౌటర్ అడుగున రాసినంతే ఉండాలి, ఆంపియర్లు అంతే లేదా ఎక్కువ ఉండొచ్చు, తక్కువ ఉండకూడదు. పిన్ను మధ్యలో ప్లస్సా మైనస్సా చూపించే గుండ్రటి గుర్తు రెండింటి మీదా ఒకటే కావాలి. ఇవన్నీ కలిస్తే ఒక మధ్యాహ్నం దానితో నడిపి చూడండి. పైసా ఖర్చు లేకుండా తేలిపోతుంది. ఒక్కటి తేడా ఉన్నా పెట్టొద్దు.

ఇక షాపు సంగతి. మావాడు వెళ్లి అడిగితే, రౌటర్ వాపసు తీసుకోనన్నాడు, పాతదానికి కావాలంటే అడాప్టర్ ఇస్తానన్నాడు. 150 రూపాయలది, మీద "12V 2A" అని స్టిక్కరు. చేతిలో పట్టుకుంటే దూదిలా ఉంది. అదే బల్బు పెడితే 9 వోల్టులకు పడిపోయింది, పది నిమిషాల్లో ప్లాస్టిక్ వాసన. రెండు ఆంపియర్లన్నది ఒక్క ఆంపియర్ కూడా మోయలేదు. ఇలాంటి అడాప్టర్లకు మన దేశంలో ప్రభుత్వ ప్రమాణాల సంస్థ బీఐఎస్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి, మీద ఆ గుర్తుతో పాటు R- తో మొదలయ్యే ఎనిమిది అంకెల నంబరు ఉండాలి. దీని మీద ఆ నంబరే లేదు. ఉన్నా సరే, BIS Care యాప్‌లో ఆ నంబరు కొట్టి చూడండి, అది ఏ కంపెనీ పేరు మీద, ఏ వస్తువుకు ఇచ్చిందో వస్తుంది. వేరే వస్తువు పేరు వస్తే కొనకండి. మావాడు ఆ 150ది తిరిగిచ్చేసి, నంబరు సరిపోయిన 12 వోల్టులు 1.5 ఆంపియర్లది వేరేచోట 380కి తెచ్చాడు. పాత రౌటర్ ఇప్పుడు వెనక గదిలో ఉంది.

బిగింపు డబ్బు 300 మాత్రం నాయన వదల్లేదు. రిజిస్టర్ చంకలో పెట్టుకుని తానే షాపుకు వెళ్లి, కవరు విప్పని అడాప్టర్ ఫొటో చూపించి అడిగాడు. బిల్లు ఉంది కాబట్టి, ఇవ్వకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెబుతానన్నాడు. ఇచ్చారు. రౌటర్ డబ్బు గురించి ఇంకా మాట్లాడుతున్నాం. షాపు పేరు ఇక్కడ రాయను. మీ ఇంట్లో ఎవరైనా రౌటర్ బిగిస్తుంటే మాత్రం, డబ్బాలోని అడాప్టర్ గోడకు ఎక్కేదాకా ఆ మనిషికి డబ్బు ఇవ్వకండి.