ప్లగ్ రంగు చూసి ఇంజిన్ రోగం పట్టడం: కార్బురేటర్ బండ్ల మీద పదేళ్ల వాడకం తర్వాత

ప్లగ్ నల్లగా ఉంటే "పెట్రోల్ ఎక్కువ పోతుంది" అనేసి కార్బురేటర్ స్క్రూ తిప్పడం మన దిక్కు షెడ్లలో మామూలే. ఆ తీర్పు సగంసార్లే నిజమవుతుంది. ప్లగ్ అబద్ధం చెప్పదు కానీ, ఒకే నలుపులో మూడు వేరు వేరు మాటలుంటాయి.

ముందు వేలితో రుద్ది చూడాలి. పొడిగా, మెత్తగా, కాటుకలా అంటుకుంటే అది పెట్రోల్ మసి. తడిగా మెరుస్తూ జిడ్డుగా ఉంటే ఇంజిన్ ఆయిల్. మూడోది హీట్ రేంజ్, అంటే ప్లగ్ తన వేడిని ఎంత త్వరగా బయటికి పంపుతుందనేది; మరీ చల్లని ప్లగ్ మీద మసి కాలిపోక నిలిచిపోతుంది. దానికి పింగాణీ కన్నా పైన వంగిన కడ్డీయే మంచి సాక్షి. వేడికి దాని మీద రంగు మారిన గీత పడుతుంది. గీత కడ్డీ వంపు దగ్గర ఉంటే ప్లగ్ సరిపోయినట్టు. కొసకే ఆగితే ప్లగ్ మరీ చల్లనిది, అతుకు దాకా దిగితే మరీ వేడిది.

అయితే ఊళ్లో తిరిగొచ్చిన బండి ప్లగ్ పీకి చూస్తే దండగ. సిగ్నళ్ల దగ్గర ఐడిల్‌లో నిలబడ్డ మసి అంతా దాని మీదే ఉంటుంది. కొత్త ప్లగ్ వేసి, నల్గొండ నుంచి నకిరేకల్ దిక్కు ఖాళీ రోడ్డు మీద పది కిలోమీటర్లు ఒకే వేగంతో పోవాలి. అదే వేగంలో క్లచ్ పట్టి, ఇంజిన్ ఆపి, పక్కకు తేవాలి. తాళం ఆఫ్ దాకే తిప్పాలి, హ్యాండిల్ లాక్ దాకా పోనివ్వొద్దు. ఇంజిన్ చల్లారాకే ప్లగ్ పానా పెట్టాలి. వేడి మీద తిప్పితే అల్యూమినియం హెడ్ మర పోతుంది. మళ్లీ స్టార్ట్ చేయనంత వరకు రంగు ఎక్కడికీ పోదు, తొందరేం లేదు.

మిక్స్చర్ సంగతి పింగాణీ కొసలో కాదు, లోపల ఇనుప గుల్లను కలిసే మొదట్లో కనిపించే వలయంలో తెలుస్తుంది. టార్చి, భూతద్దం లేకుండా అది కనబడదు.

రెండు రోగాలు కలిసినప్పుడు ఈ పద్ధతి విలువ తెలుస్తుంది. పత్తి సీజన్లో మట్టిరోడ్ల మీద తిరిగిన ఒక 100 సీసీ బండి సంగతి చూడండి. మైలేజీ 60 నుంచి 45కు పడింది, ప్లగ్ నల్లన. రుద్దితే పొడి మసే, కానీ మరల మీద ఒక పక్క జిడ్డు మెరుపు. కొత్త ప్లగ్‌తో పైన చెప్పినట్టు నడిపితే పింగాణీ కొస శుభ్రంగానే ఉంది, మొదట్లో వలయం మాత్రం నల్లగా దట్టంగా వచ్చింది. విప్పి చూస్తే ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో బిగుసుకుపోయి ఉంది. అది మార్చాక వలయం పలచబడింది, మైలేజీ చాలావరకు తిరిగొచ్చింది.

జిడ్డు మాత్రం పోలేదు. వెయ్యి కిలోమీటర్లకు ఆయిల్ 200 మి.లీ. తగ్గుతోంది. థ్రాటిల్ పూర్తిగా తెరిచి, కిక్ కొట్టి కంప్రెషన్ చూస్తే 9 కేజీలు. ప్లగ్ రంధ్రంలో ఒక టీస్పూన్ ఆయిల్ పోసి మళ్లీ చూస్తే తొమ్మిదిన్నర. రింగులు అరిగి ఉంటే ఆయిల్ పోయగానే బాగా పెరిగేది. వాలులో థ్రాటిల్ మూసి దిగి, కింద తెరవగానే నీలిపొగ గుప్పుమంది. అంటే వాల్వ్ సీళ్లు. బోరు పని పెట్టుకోకుండా సీళ్లతోనే తీరిపోయింది.

ఇట్లాంటి బండికే కొందరు ఎన్‌జీకే C7HSA ప్లగ్ తీసి, దానికన్నా వేడిదైన C6HSA వేస్తారు. నలుపు పోతుంది, రోగం ఉంటుంది. మే ఎండలో ఇద్దరు కూర్చుని హైవే ఎక్కితే పింగాణీ తెల్లబారి, దాని మీద సన్నని పూసలు కరిగి కనిపిస్తాయి, ఇంజిన్ టకటకలాడుతుంది. ఇంకో చిక్కు: ఎన్‌జీకేలో అంకె పెరిగితే ప్లగ్ చల్లనిది, బాష్‌లో అంకె పెరిగితే వేడిది. అంకె చూసి ఒక కంపెనీ బదులు ఇంకోటి వేయొద్దు, పట్టిక చూడాలి.

తెలుపు కూడా ఒకటే రకం కాదు. నునుపైన తెలుపు వేడిది లేదా పెట్రోల్ తక్కువైంది. గోరుతో గీకితే రాలే తెల్లటి పొర ఆయిల్‌లోని రసాయనాల బూడిద, అంటే ఆయిల్ కాలుతున్నట్టే. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్‌తో పాత కార్బురేటర్ బండ్లు కొంచెం పలచటి మిక్స్చర్‌తోనే నడుస్తాయి, రంగు కూడా వెలిసినట్టు ఉంటుంది. పాత పుస్తకాల్లోని చక్కటి ఇటుక రంగు కోసం జెట్ మార్చుకుంటూ కూర్చోవద్దు.

ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లలో మిక్స్చర్‌ను సెన్సరే సరిచేస్తుంటుంది కాబట్టి రంగు అంతగా పలకదు. అక్కడ జిడ్డు, బూడిద చూసుకుంటే చాలు.