ఫొటోలన్నీ ఒకేసారా, ఒక్కొక్కటిగానా: సాక్షికి ఎలా చూపిస్తే మేలు?

సాక్షుల జ్ఞాపకం గురించి నేను ఎప్పుడు రాసినా ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుంది, ఎక్కువగా లా చదివేవాళ్ల దగ్గర్నుంచి. అనుమానితుడి ఫొటోని మరో ఐదుగురి ఫొటోలతో కలిపి ఒకేసారి బల్ల మీద పరచడం మేలా, లేక ఒక్కో ఫొటో చూపించి "ఇతనేనా, కాదా" అని తేల్చాకే తర్వాతది తీయడం మేలా? విడివిడిగా జవాబులు రాసే బదులు ఈసారి ఒకచోట చెప్పేస్తున్నాను. ఈ రెండు పద్ధతులకీ తేడా ఉంది. కానీ నా లెక్కలో కేసుని తేల్చేది ఇంకొకటి, దాని దగ్గరికి వస్తాను.

ముందు ఒక కేసు. అమెరికాలో నార్త్ కరోలైనా రాష్ట్రం, బర్లింగ్టన్ ఊరు, 1984 జూలై. జెన్నిఫర్ థాంప్సన్ అనే 22 ఏళ్ల కాలేజీ అమ్మాయి మీద ఆమె ఇంట్లోనే అత్యాచారం జరిగింది. ప్రాణాలతో బయటపడితే వీణ్ణి పట్టించాలని, ఆ సమయంలోనే వాడి ముఖాన్ని పట్టిపట్టి చూసింది. తర్వాత పోలీసులు ఆరు ఫొటోలు ముందుంచారు. ఆమె కొన్ని నిమిషాల పాటు వాటిని చూసి, రొనాల్డ్ కాటన్ అనే యువకుడి ఫొటో తీసి "ఇతనే అనుకుంటున్నాను" అంది. సరిగ్గా చేశారన్నట్టు పోలీసుల దగ్గర్నుంచి భరోసా దొరికింది. కొన్ని రోజులకి మనుషుల్నే వరసగా నిలబెట్టారు. ఫొటోల్లోనూ వరసలోనూ కనిపించినవాడు కాటన్ ఒక్కడే. ఆమె నాలుగో నంబరా ఐదో నంబరా అని కాసేపు తటపటాయించి ఐదు అంది. ఐదు కాటన్. ఫొటోల్లో తీసిందీ ఇతన్నే అని అప్పుడు ఆమెకి చెప్పారు. 1985లో కోర్టులో నిలబడేసరికి ఆమెకి అణుమాత్రం సందేహం లేదు, జ్యూరీ నమ్మింది, కాటన్‌కి యావజ్జీవం పడింది.

అసలు నేరస్థుడు బాబీ పూల్ అనే వేరే మనిషి. 1987లో రెండోసారి విచారణ జరిగినప్పుడు అతన్ని కోర్టులో ఆమె ఎదురుగా నిలబెట్టారు. ఇతన్ని ఎప్పుడూ చూడలేదంది, అబద్ధం కాదు, ఆమెకి నిజంగానే అలా అనిపించింది. కాటన్ పదేళ్లకు పైగా జైల్లో ఉన్నాక, 1995లో డీఎన్‌ఏ పరీక్ష పూల్‌ని పట్టించింది.

ఇప్పుడు రెండు పద్ధతుల్నీ ఈ కేసు మీద పెట్టి చూద్దాం. ఆ ఆరు ఫొటోల్లో పూల్ ఫొటో లేదు. అంటే సరైన జవాబు "వీళ్లలో లేడు" అనేదొక్కటే. ఫొటోలన్నీ ఒకేసారి ముందుంటే ఈ జవాబు చెప్పడం చాలా కష్టం. గ్యారీ వెల్స్ అనే సైకాలజిస్టు 1993లో ప్రచురించిన ప్రయోగం ఇక్కడ బాగా పనికొస్తుంది. దొంగతనం నాటకం ఒకటి ఆడించి 200 మందికి చూపించారు. సగం మందికి దొంగతో కలిపి ఆరుగురి ఫొటోలు, మిగతా సగానికి దొంగని తీసేసి ఐదుగురివి. దొంగ ఉన్నప్పుడు 54 శాతం అతన్నే పట్టుకున్నారు, 21 శాతం ఎవర్నీ ఎంచుకోలేదు. దొంగ లేనప్పుడు ఆ 54 శాతం మంది కూడా "లేడు" అనాలి కదా. అలా జరగలేదు. ఎవర్నీ ఎంచుకోనివాళ్లు 32 శాతానికి మాత్రమే పెరిగారు, మిగిలినవాళ్లంతా ఉన్నవాళ్లలోనే ఎవరో ఒకరి మీద వేలు పెట్టారు. ముఖాల్ని జ్ఞాపకంతో పోల్చుకోవడం మానేసి ముఖాల్ని ఒకదానితో ఒకటి పోల్చుకుని, ఉన్నవాళ్లలో ఎవరు దగ్గరగా ఉన్నారో చూస్తారన్నమాట. కాటన్ విషయంలో జరిగింది ఇదే అని నా నమ్మకం.

ఒక్కొక్కటిగా చూపించే పద్ధతి ఈ జబ్బుకి మందుగానే పుట్టింది. తర్వాత ఎవరి ముఖం వస్తుందో తెలియదు కాబట్టి సాక్షి ప్రతి ఫొటోనీ తన తలలో ఉన్న బొమ్మతోనే పోల్చాల్సి వస్తుంది. 1985లో రాడ్ లిండ్సే, వెల్స్ కలిసి చేసిన తొలి ప్రయోగంలో అమాయకుణ్ణి పట్టించడం 43 శాతం నుంచి 17 శాతానికి పడిపోయింది, నేరస్థుణ్ణి పట్టుకోవడం మాత్రం 58 నుంచి 50కే తగ్గింది. అంత తక్కువ నష్టానికి అంత లాభమా అని అమెరికాలో చాలా పోలీసు శాఖలు దీనికి మారాయి. ఆ అంకెలు చూసినవాళ్లు మారడంలో తప్పేమీ లేదు.

చిక్కు తర్వాత బయటపడింది. 2012 నుంచి జాన్ విక్స్‌టెడ్, లారా మిక్స్ లాంటివాళ్లు లెక్కల్ని ఇంకోలా చూశారు. ఒక్కొక్కటిగా చూపించినప్పుడు సాక్షి జాగ్రత్తపడి అసలు ఎంచుకోవడమే తగ్గిస్తాడు, అందుకని తప్పు గుర్తింపులతో పాటు ఒప్పువీ తగ్గుతాయి. ఇది జంకు పెరగడం, చూపు పదునెక్కడం వేరే సంగతి. అమాయకుణ్ణి నేరస్థుణ్ణి వేరు చేసి చూడగలిగే శక్తినే కొలిస్తే, ఒకేసారి చూపించే పద్ధతే సమానంగానో కాస్త ముందో ఉంటోందని వాళ్ల ప్రయోగాల్లో తేలింది. దానికి వాళ్లు చెప్పే కారణం నాకు సబబుగానే తోస్తుంది. ఆరుగురికీ గడ్డం ఉంటే, అందర్నీ పక్కపక్కన చూసినవాడికి గడ్డం దేనికీ పనికిరాని గుర్తని వెంటనే తెలుస్తుంది, కళ్ల మీదా దవడ మీదా చూపు పెడతాడు. ఒక్కొక్కటిగా చూసేవాడికి మొదటి గడ్డం కనబడగానే "అదిగో గడ్డం" అనిపించే ప్రమాదం ఉంది. అమెరికా జాతీయ పరిశోధన మండలి 2014 నివేదికలో రెండింట్లో దేన్నీ సిఫారసు చేయలేదు. నన్ను ఒకటి ఎంచుకోమంటే ఒకేసారి చూపించే పద్ధతినే తీసుకుంటాను, కానీ ఒక షరతు మీద.

ఆ షరతు ఏమిటంటే, ఫొటోలు చూపించే మనిషికి వాటిలో అనుమానితుడెవరో తెలియకూడదు, సాక్షి నోటి నుంచి మొదట వచ్చిన మాట ఉన్నది ఉన్నట్టు అప్పటికప్పుడు నమోదు కావాలి. నాకు అన్నిటికంటే ముఖ్యం ఇదే.

కాటన్ కేసునే మళ్లీ చూడండి. కొన్ని నిమిషాలు పట్టింది, ఆ తర్వాత "అనుకుంటున్నాను" అంది. వరసలో నాలుగా ఐదా అని తటపటాయించింది. ఆ రెండు క్షణాల్లోనూ ఆమె జ్ఞాపకం తన బలహీనతని తానే చెప్పింది, వినేవాళ్లే పక్కన పెట్టేశారు. ఆ తర్వాత దొరికిన భరోసా ఆ సందేహాన్ని చెరిపేసింది. వెల్స్, యామీ బ్రాడ్‌ఫీల్డ్ 1998లో ఇదే పరీక్షించారు. దుకాణం కెమెరా వీడియో చూపించి, అందులో ఉన్న మనిషి లేని ఫొటోల వరస ఇచ్చారు, అంటే ఎవరు ఎవర్ని ఎంచుకున్నా తప్పే. కొందరికి "బాగుంది, మీరు అనుమానితుణ్ణే గుర్తుపట్టారు" అన్నారు, కొందరికి ఏమీ చెప్పలేదు. ఆ ఒక్క మాట విన్నవాళ్లు తమకి ఎంచుకునేటప్పుడే గట్టి నమ్మకం ఉందన్నారు, ముఖం బాగా కనిపించిందన్నారు, శ్రద్ధగా చూశామన్నారు. చూసింది అందరూ అదే వీడియో. అంటే నమ్మకం పెరగడంతో ఆగలేదు, చూసిన తీరు గురించిన జ్ఞాపకం కూడా మారిపోయింది. ఇక ఆ సాక్షిని కోర్టులో "వెలుతురు సరిపోయిందా, దూరం ఎంత" అని ఎంత అడ్డప్రశ్న వేసినా నిజం ఎక్కణ్ణుంచి వస్తుంది?

బ్రాండన్ గారెట్ అనే న్యాయశాస్త్ర ప్రొఫెసర్, డీఎన్‌ఏతో నిర్దోషులుగా తేలినవాళ్ల కేసుల్లో ఇలా సాక్షి పొరపడిన 161 విచారణల రికార్డులు చదివితే, వాటిలో 57 శాతంలో సాక్షులు మొదటిసారి తమకి అంత గట్టిగా అనిపించలేదని కోర్టులోనే ఒప్పుకున్నారట. విక్స్‌టెడ్, వెల్స్ 2017లో కలిసి రాసిన మాట ఇంకో వైపు నుంచి అదే చెబుతుంది. గుర్తింపు పద్ధతిగా జరిగితే, మొదటిసారి గట్టి నమ్మకంతో చెప్పిన సాక్షి మాట చాలావరకు నిజమవుతుంది, నీళ్లు నమిలినవాడి మాట మీద ఆధారపడకూడదు. పద్ధతిగా అంటే వరసలో అనుమానితుడు ఒక్కడే ఉండాలి, అతను మిగతావాళ్లలో కొట్టొచ్చినట్టు కనబడకూడదు, "నేరస్థుడు వీళ్లలో లేకపోవచ్చు" అని సాక్షికి ముందే చెప్పాలి, చూపించేవాడికి జవాబు తెలియకూడదు. ఒక్కొక్కటిగా చూపించాలని కొన్నేళ్లు వాదించిన వెల్స్, పక్కపక్కన చూపించడమే నయమన్న విక్స్‌టెడ్, ఇద్దరూ వచ్చి కలిసింది ఇక్కడే, అందుకే నాకు ఈ ముగింపు మీద గురి.

ఇదంతా మన దగ్గరికి తెస్తే నాకు దిగులు కలుగుతుంది. మన కోర్టుల లెక్క ప్రకారం మేజిస్ట్రేటు ముందు జరిగే గుర్తింపు పరేడ్ స్వతంత్ర సాక్ష్యం కాదు, బలపరిచేది మాత్రమే, అసలు సాక్ష్యం కోర్టులో బోనులో ఉన్నవాణ్ణి చూపించి "ఇతనే" అనడం. పరిశోధన చెప్పేదానికి ఇది దాదాపు తలకిందులు. ఏళ్ల తర్వాత, నిందితుడు ఎక్కడుంటాడో అందరికీ తెలిసిన గదిలో, ఒకసారి గుర్తుపట్టిన ముఖాన్నే మళ్లీ గుర్తుపట్టడంలో జ్ఞాపకానికి ఏ పరీక్షా లేదు. పరేడ్‌లో కొన్ని మంచి ఏర్పాట్లు లేకపోలేదు: పోలీసులు పక్కన ఉండరు, వయసూ ఎత్తూ రూపూ దగ్గరగా ఉన్నవాళ్లని కలిపి నిలబెట్టాలి, తన చోటు నిందితుడే ఎంచుకోవచ్చు. కానీ అనుమానితుడెవరో మేజిస్ట్రేటుకి తెలుసు, ఇంకా పెద్ద చిక్కు ఆలస్యం. ఈలోగా ప్రెస్ మీట్‌లో ముసుగు జారినా, ఫొటో వాట్సాప్‌లో తిరిగినా, సాక్షి గుర్తుపట్టేది ఫోన్‌లో చూసిన ముఖాన్ని కావచ్చు, ఆ సంగతి సాక్షికే తెలియదు. నేను డిఫెన్స్ వైపు ఉంటే మొదట అడిగేది పరేడ్ కాగితంలో సాక్షి అన్న మాటలు యథాతథంగా ఉన్నాయా, లేక "సరిగా గుర్తుపట్టెను" అని ఒక్క ముక్క రాసి వదిలేశారా అని.

మిగతా దారుల గురించి రెండు ముక్కలు. దొరికినవాణ్ణి ఒక్కణ్ణే తెచ్చి చూపించి "ఇతనేనా" అనడం గంటల్లో జరిగే తొందర పనులకి తప్పనిసరి కావచ్చు, అంతకు మించి వాడకూడదు, పోల్చడానికి పక్కన ఇంకొకరు ఉండరు కాబట్టి సాక్షి ఊహించి చెబుతున్నాడో గుర్తుపట్టి చెబుతున్నాడో తెలుసుకునే వీలే లేదు. ఊహాచిత్రాలు వెతుకులాటకి పనికొస్తాయి, రుజువుకి కాదు.

నన్ను అడిగిన లా విద్యార్థుల్లో ఒకమ్మాయి, "మరి నేను సాక్షినైతే ఏం చేయాలండీ" అని రాసింది. పరేడ్‌కి ముందు ఆ కేసు వార్తలూ ఫొటోలూ చూడకమ్మా. లేడనిపిస్తే లేడని చెప్పు. ఎవర్నైనా చూపించాల్సి వస్తే ఎంత గట్టిగా అనిపిస్తోందో అక్కడికక్కడ నీ మాటల్లోనే చెప్పి, అలాగే రాయమని అడుగు, ఆ తర్వాత ఎవరైనా "సరిగ్గా చెప్పావు" అన్నా ఆ కాగితం మీద మాట మారదు.